హెచ్‌ఆర్‌కు రాసే చీటీలో ఎంత చెప్పాలి?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: కాజీపేట నుంచి ఒకాయన తన ఉత్తరం డ్రాఫ్ట్ పంపారు. పేరు చెప్పం. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ సెక్షన్. ముందు ఆన్‌లైన్ రమ్మీ, తర్వాత క్రికెట్ బెట్టింగ్. డాక్టర్ 3 వారాలు అడ్మిట్ కమ్మన్నారు. ఉత్తరం మొదలే ఇట్లుంది: “నేను రమ్మీకి బానిసనై 6 లక్షలు అప్పు చేశాను. లోన్ యాప్‌ల వాళ్లు ఇంటికి ఫోన్లు చేస్తున్నారు. నన్ను క్షమించి సెలవు ఇప్పించండి.”

హెచ్‌ఆర్ మేనేజర్: చదివితే జాలి వేస్తుంది. కానీ ఇది సెలవు చీటీ కాదు, ఒప్పుకోలు పత్రం. నేను రేపు ఉద్యోగం మారతాను, ఈ కాగితం మాత్రం ఫైల్లోనే ఉంటుంది. అకౌంట్స్ మనిషి, 6 లక్షల అప్పు అని ఒకే పేజీలో చూస్తే, పైనున్నవాళ్లలో ఎవరో ఒకరు ఆడిట్ పెట్టమంటారు.

లాయర్: ఇంకోటి ఉంది. తెలంగాణలో 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని కూడా నిషేధంలోకి తెచ్చారు. ఎక్కడ ఆడాడో, ఎంత పెట్టాడో సంతకం పెట్టి ఎందుకు రాసివ్వాలి?

యాంకర్: అయితే టైఫాయిడ్ అని రాస్తే పోదా? మనోళ్లు చేసేది అదే కదా!

సైకియాట్రిస్ట్: ఆ సర్టిఫికెట్ నేనైతే ఇవ్వను. పైగా 3 వారాల టైఫాయిడ్ అంటే ఎవరో ఒకరు పండ్లు పట్టుకుని ఇంటికే వస్తారు. (నవ్వు)

లాయర్: అబద్ధపు సర్టిఫికెట్ పెట్టడం కచ్చితంగా క్రమశిక్షణ కేసే. ట్రీట్‌మెంట్ తీసుకోవడం తప్పు కాదు కదా. తక్కువ చెప్పొచ్చు, అబద్ధం చెప్పొద్దు.

యాంకర్: మరి డాక్టర్ రహస్యం కాపాడాలని చట్టం ఉందంటారుగా?

లాయర్: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో సెక్షన్ 23. రోగి వివరాలు బయటపెట్టకూడదనే బాధ్యత అందులో ప్రధానంగా వైద్యం చేసేవాళ్ల మీద ఉంది. హెచ్‌ఆర్‌కు మీరే చేతులారా రాసిచ్చాక, అక్కడ ఈ సెక్షన్ అంత రక్షణ ఇస్తుందని నమ్ముకోవద్దు.

యాంకర్: సరే, మీరు తిరగరాసింది చదవండి మేడం.

హెచ్‌ఆర్ మేనేజర్: “విషయం: వైద్య సెలవు. డాక్టర్ సలహా మీద ఒక ఆరోగ్య సమస్యకు ఆసుపత్రిలో చేరుతున్నాను. ఈ నెల 25 నుంచి 21 రోజులు సెలవు కావాలి. తర్వాత 3 నెలల పాటు వారానికి ఒక సగం రోజు ఫాలో-అప్ ఉంటుంది. సర్టిఫికెట్ మీకు మాత్రమే ఇస్తాను. వివరాలు నా టీమ్‌కు, నా పై అధికారికి చెప్పవద్దని కోరుతున్నాను.” అంతే. లీవ్ పోర్టల్లో కూడా జాగ్రత్త. అక్కడ కారణం గడిలో రాసింది సెలవు అప్రూవ్ చేసే మేనేజర్‌కు కనబడుతుంది. అందులో ‘మెడికల్’ అని ఒక్క మాట చాలు.

సైకియాట్రిస్ట్: ఆ సగం రోజు చాలామంది మర్చిపోతారు. డిశ్చార్జ్ అయ్యాక కౌన్సెలింగ్ మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. 25 అనే తేదీ కూడా ఊరికే పెట్టలేదు. ఈయన కథంతా విన్నాను, ప్రతిసారీ జీతం పడిన రాత్రే ఆడాడు. ఒకటో తారీఖు మా దగ్గర ఉండగానే దాటాలి. అప్పటికి జీతం అకౌంట్ భార్య చేతిలో ఉండాలి.

యాంకర్: సర్టిఫికెట్‌లో ఏముంటుంది డాక్టర్ గారూ?

సైకియాట్రిస్ట్: ‘చికిత్సలో ఉన్నారు, ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం’ అని ఇవ్వమని అడగాలి. కొందరు వ్యాధి పేరు రాయకుండా కోడ్ మాత్రం వేస్తారు. F63.0 అని ఫోన్లో కొట్టి చూడండి, జూదం వ్యసనం అని వచ్చేస్తుంది. లెటర్‌హెడ్ పైన ‘డీ-అడిక్షన్ సెంటర్’ అని ఉన్నా అంతే. జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగమైతే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద అడగొచ్చు.

హెచ్‌ఆర్ మేనేజర్: అసలు గుట్టు బయటపడేది ఇన్సూరెన్స్ దగ్గర. క్లెయిమ్‌కు డిశ్చార్జ్ సమ్మరీ పెట్టాలి, అందులో జబ్బు పేరు ఉంటుంది. కొన్ని ఆఫీసుల్లో ఆ కాగితాలు మా చేతుల మీదుగానే పోతాయి. క్లెయిమ్ సంస్థకు నేరుగా పంపే దారి ఉందా అని అడ్మిట్ కాకముందే అడగాలి. జీతం అడ్వాన్స్ మాత్రం ఇదే ఉత్తరంలో అడగొద్దు.

కాలర్: సార్… ఆ ఉత్తరం నాదే. ఆఫీసు డబ్బు… రెండుసార్లు వాడి మళ్లీ కట్టిన. అది కూడా రాయాల్నా?

లాయర్: అన్నా, అది టీవీలో చెప్పకు, ఉత్తరంలో అసలే రాయకు. ముందు లాయర్‌ను కలువు, తర్వాతే హెచ్‌ఆర్. నా నంబర్ మా వాళ్లు ఇస్తరు.

సైకియాట్రిస్ట్: నేనొకటి అడుగుతా తమ్ముడూ. చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా?

కాలర్: (కాసేపు ఆగి) రాత్రిళ్లు వస్తయ్ సార్.

సైకియాట్రిస్ట్: అయితే 25 దాకా ఆగేది లేదు, సెలవు మంజూరయ్యేదాకా కూడా ఆగొద్దు. ఈ రోజే వచ్చి చేరు. ఉత్తరం రేపు మీ ఆమె ఇస్తది. ఇప్పుడు ఇంట్లో ఎవరున్నరు?

కాలర్: అమ్మ ఉంది.

సైకియాట్రిస్ట్: ఫోన్ అమ్మకియ్యి. ఈ లైన్ కట్ చేయకండి. చూస్తున్నవాళ్లలో ఎవరికైనా ఇట్లాంటి ఆలోచనలుంటే టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా ఎత్తుతారు.

యాంకర్: బ్రేక్ తీసుకుందాం. మైకులు ఆపండి.