ఎన్‌ఎంఎంఎస్: పరీక్ష నెగ్గాక నాలుగేళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షను బళ్లలో ఎన్‌ఎంఎంఎస్ అంటారు. దీన్ని నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. నాలుగేళ్లకు 48,000. కానీ ఎంపికైన వాళ్లందరికీ ఆ మొత్తం పూర్తిగా అందదు. చాలామందికి అది పదో తరగతి తర్వాత ఆగిపోతుంది. అలా ఎందుకు ఆగుతుందో ఇవాళ చూద్దాం.

ముందు అర్హత సంగతి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్, ఎయిడెడ్ బళ్ల పిల్లలే ఈ పరీక్ష రాయాలి. గురుకులాల్లో ప్రభుత్వమే వసతి, భోజనం పెడుతుంది కాబట్టి వాళ్లకు లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు.

పరీక్షలో మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, పాఠ్యాంశాల మీద మరో 90. రెండూ కలిపి 180 మార్కులకు 40 శాతం, అంటే 72 రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం. అయితే 72 దాటినంత మాత్రాన స్కాలర్‌షిప్ వచ్చినట్టు కాదు. అది బరిలో నిలిచే మార్కే. జిల్లాకు ఉన్న సీట్లను, రిజర్వేషన్‌ను బట్టి పైనుంచి ఎంపిక చేసుకుంటూ వస్తారు.

ఇప్పుడు భీమిలి జిల్లా పరిషత్ బడిలో చదివే ఓ అమ్మాయిని ఊహించుకుందాం. ఎంపికైంది. ఎనిమిదిలో కావలసిన 55 శాతం తెచ్చుకుంది. తొమ్మిది మొదటిసారే పాసై పదికి వచ్చింది. రెండేళ్ల డబ్బు అందింది. పదిలో 600కు 352 వచ్చాయి. ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కొనసాగాలంటే పదిలో 60 శాతం, అంటే 360 ఉండాలి. ఎనిమిది మార్కుల తేడాతో మిగిలిన 24,000 పోయాయి. అదే అమ్మాయి ఎస్సీ లేదా ఎస్టీ అయితే గీత 55 శాతం దగ్గర, 330 మార్కులు. ఆ 352తోనే నిక్షేపంగా కొనసాగేది.

ఇక 400 మార్కులు తెచ్చుకుని కూడా పోగొట్టుకునే పిల్లలున్నారు. నా దృష్టిలో అసలు బాధాకరమైన సంగతి ఇదే. పది అయ్యాక గాజువాకలోనో, మద్దిలపాలెంలోనో ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేర్పిస్తారు. ఫీజులో రాయితీ ఇస్తామంటారు కాబట్టి మంచి బేరంలాగే కనిపిస్తుంది. కానీ స్కాలర్‌షిప్ ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలో చదివితేనే. పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో వెళ్లినా ఆగుతుంది. రాయితీ లెక్క వేసేటప్పుడు ఈ 24,000 కూడా కలిపి చూసుకోండి.

ఇంటర్‌లో మరో చిక్కుంది. మన రాష్ట్రంలో మొదటి ఏడాది ఒక సబ్జెక్టు తప్పినా రెండో ఏడాది తరగతుల్లో కూర్చోనిస్తారు. అందుకే ఏమీ కాలేదనుకుంటారు. స్కాలర్‌షిప్ నిబంధన మాత్రం మొదటి ప్రయత్నంలోనే పాస్ కావాలంటుంది. సప్లిమెంటరీలో గట్టెక్కితే చదువు నిలుస్తుంది గానీ డబ్బు నిలవదు.

ఈ షరతులన్నీ నెరవేరినా డబ్బు దానంతటదే రాదు. ఏటా scholarships.gov.in లో రెన్యువల్ దరఖాస్తు పెట్టాలి. దాన్ని బడి లేదా కాలేజీ నోడల్ అధికారి పరిశీలిస్తారు, తర్వాత జిల్లా నోడల్ అధికారి ఆమోదిస్తారు. ఇంటర్ మొదటి ఏడాదిలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎందుకంటే దరఖాస్తు పాత బడి నుంచి కొత్త కాలేజీ ఖాతాలోకి మారాలి. ఏ ఒక్క కాగితం తేడాగా ఉన్నా 'డిఫెక్టివ్' అని వెనక్కి పంపుతారు. దాన్ని గడువులోపు సరిచేసి మళ్లీ పంపకపోతే అక్కడే ఉండిపోతుంది. వారానికోసారి లాగిన్ అయి స్టేటస్ చూడడం మేలు. పేరు కూడా మెరిట్ జాబితాలో, ఆధార్‌లో ఒకేలా ఉండాలి. మన దగ్గర ఒకచోట ఇంటిపేరు పూర్తిగా రాసి, ఇంకోచోట పొడి అక్షరం పెట్టడం మామూలే. ఆ తేడా ఉంటే హెడ్మాస్టారు ద్వారా ముందే దిద్దించుకోవాలి.

ఇంత చేశాక కూడా 'డబ్బు పడలేదు' అనే మాట వినిపిస్తుంటుంది. స్కాలర్‌షిప్ విద్యార్థి ఆధార్ అనుసంధానమైన ఖాతాకే వెళ్తుంది. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన అనుసంధానం అయినట్టు కాదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ జాబితాలో ఆ బ్యాంకు పేరు కనబడాలి. పిల్లకు రెండు ఖాతాలుంటే చివరగా అనుసంధానమైన దాంట్లోనే పడుతుంది. అందుకే ఫిర్యాదుకు ముందు ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిచి, అక్కడ ఏ బ్యాంకు పేరుందో చూసి, ఆ పాస్‌బుక్ అచ్చు వేయించండి.