ఒకే ప్యాన్‌లో శనగలు, బఠానీ, గుడ్లు: చిన్న కిచెన్‌లో ఇరవై నిమిషాల కూర

హాయ్ అండీ. మా తమ్ముడు వచ్చే నెల మాస్టర్స్‌కి బయటి దేశం వెళ్తున్నాడు. అక్కడ వాడికి దొరికేది ఒక చిన్న ఎలక్ట్రిక్ స్టవ్వు, మూతున్న ప్యాన్ ఒకటి, రూమ్‌మేట్స్‌తో పంచుకునే ఫ్రీజర్‌లో ఒక అర. అందుకే ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వంటగదిలో గ్యాస్ ముట్టుకోకుండా, గట్టు చివర ఈ ఇండక్షన్ స్టవ్వొకటే పెట్టి వాడి చేతనే చేయిస్తున్నా. నేను అలాంటి గదిలో రెండేళ్లు వండుకున్నాను కాబట్టి ఎక్కడ పాడవుతుందో నాకు తెలుసు.

ముందు శనగల టిన్ను. మనం ఇక్కడ కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి కుక్కర్‌లో పెడతాం కదా, ఇవి ఉడికినవే వస్తాయి. 400 గ్రాముల టిన్నులో నీళ్లు వంపేస్తే శనగలు దాదాపు 240 గ్రాములు మిగులుతాయి, ఇవాళ్టికి అందులో సగం చాలు. జల్లెడలో వేసి నురగ పోయేదాకా కడగండి, ఎందుకంటే ఆ నీళ్లలో ఉప్పు చాలా ఉంటుంది. తర్వాత పేపర్ టవల్ మీద దొర్లించి తడి ఆర్పండి, తడి ఉంటే నూనె చిట్లుతుంది, శనగ వేగదు.

ప్రోటీన్ లెక్క కూడా చెప్పేస్తా. ఈ సగం టిన్నులో 8 గ్రాములు, మూడు గుడ్లలో 18, ముప్పావు కప్పు బఠానీలో ఇంకో 5. అంటే ప్లేటుకి 30 దాటింది. "అక్కా, ఉత్త శనగలు తింటే రాదా?" అన్నాడు వీడు. అంతే ప్రోటీన్ రావాలంటే దాదాపు రెండు టిన్నులు తినాలి నాన్నా. బరువు మోసేది గుడ్డే, శనగలు కడుపు నిండుగా ఉంచుతాయి.

ఇప్పుడు అసలు విషయం, ఫ్రోజెన్ బఠానీ. వెళ్లిన మొదటి వారం నేను ఉల్లిపాయలు వేగుతుంటే మీద గడ్డకట్టిన బఠానీ గుమ్మరించి మూత పెట్టాను. మంచు కరిగి ఉల్లిపాయలు ఉడికిపోయాయి, కూర కాస్తా చారులా అయింది, బఠానీ చప్పగా మెత్తబడింది. అందుకని బఠానీ ముందు, విడిగా, నూనె లేకుండా. కరిగించే పని లేదు. ప్యాన్ అర నిమిషం వేడెక్కాక (నాన్‌స్టిక్‌ని ఖాళీగా అంతకంటే కాల్చకండి) బఠానీ పలచగా పరవండి, మూత వద్దు. వినండి, ఇప్పుడు బుసబుసమంటోంది కదా, అది నీళ్ల చప్పుడు. నాలుగైదు నిమిషాల్లో ఆ బుస తగ్గి చిటచిటలాడుతుంది, అడుగున తడి కనబడదు. అప్పుడు గిన్నెలోకి తీసేయండి. పాలకూర గడ్డలు దొరికినా ఇదే పద్ధతి, కాకపోతే నీళ్లు ఎక్కువ, టైం ఎక్కువ.

అదే ప్యాన్‌లో రెండు చెంచాల నూనె, జీలకర్ర. మన ఇంట్లోలా ఎండుమిర్చి నల్లబడేదాకా పోపు పెడితే ఆ చిన్న గదిలో స్మోక్ అలారం మోగుతుంది, కాబట్టి మంట మధ్యస్థంగా ఉంచి, కారం తర్వాత వేయండి. ఉల్లిపాయ రంగు మారాక శనగలు వేసి మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇదిగో, దగ్గరగా చూడండి, ఒక్కో గింజ తొక్క మీద గోధుమరంగు మచ్చ పడింది, రుచంతా అక్కడే. ఇప్పుడు ఒక టమాటా, అర చెంచా కారం, పసుపు, ధనియాల పొడి. టమాటా మెత్తబడి నూనె పక్కలకి తేలాక బఠానీ కలపండి. ఉప్పు మాత్రం ఒక శనగ నోట్లో వేసుకుని చూశాకే.

గరిటెతో మూడు గుంటలు చేసి గుడ్లు కొట్టి పోయండి, మంట బాగా తగ్గించి మూత పెట్టండి. ఈ ఇండక్షన్‌లా కాదు, అక్కడి ఎలక్ట్రిక్ స్టవ్వు తగ్గించినా ప్లేటు వెంటనే చల్లారదు, అందుకే ప్యాన్ ఒక నిమిషం పక్కకి తీసి మళ్లీ పెట్టండి, లేకపోతే పైన తెల్లసొన పచ్చిగా ఉండగానే అడుగు మాడుతుంది. ఐదారు నిమిషాలకి మూత తీసి ప్యాన్ ఊపండి. తెల్లసొన ఊగకపోతే అయినట్టే, పచ్చసొన కూడా గట్టిపడాలనుకుంటే ఇంకో రెండు నిమిషాలు. అన్నంలోకైనా బ్రెడ్‌లోకైనా బాగుంటుంది.

మిగిలిన సగం శనగలు తెరిచిన టిన్నులో ఉంచకండి, మూతున్న డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లోపు వాడేయండి. రేపు పొద్దున స్టవ్వు ఖాళీ లేకపోతే ఆ శనగలు ఫోర్కుతో మెదిపి, ముందు రోజే ఉడకబెట్టుకున్న రెండు గుడ్లు, నిమ్మరసం, మిరియాల పొడి కలిపి బ్రెడ్ మధ్యలో పెట్టుకుని క్లాసుకి వెళ్లిపోవచ్చు.