పైలట్ ప్లాంటుకు మామూలు ఎన్‌పీవీ ఎందుకు సరిపోదు

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క లెక్క చేద్దాం. అంకెలు నేను అనుకున్నవి.

వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే పైలట్ ప్లాంటుకు ఇప్పుడు 20 కోట్లు కావాలి. ఏడాది నడిపాక పెద్ద ప్లాంటు కట్టడానికి 200 కోట్లు. టన్ను గడ్డికి 250 లీటర్లు వస్తే ఆ పెద్ద ప్లాంటు విలువ అప్పటికి 300 కోట్లు. 180 దగ్గరే ఆగితే 120 కోట్లే. మంచి దిగుబడికి 40 శాతం అవకాశం ఉందనుకుందాం.

మామూలు ఎన్‌పీవీ అంటే, రాబోయే డబ్బును ఇవాళ్టి విలువకు మార్చి, అందులోంచి ఖర్చు తీసేయడం. ఆ లెక్కలో రెండు విలువల 40-60 సగటు 192. అందులోంచి 200 తీసేస్తే మైనస్ 8. దాన్ని 12 శాతం చొప్పున ఏడాది వెనక్కి తెచ్చి, పైలట్ ఖర్చు 20 కూడా తీసేస్తే మైనస్ 27 కోట్లు. ఫైలు అక్కడితో మూతపడుతుంది.

కానీ ఈ లెక్క ప్రకారం, దిగుబడి 180 అని తేలాక కూడా మనం 200 కోట్లు పోసి తీరతాం. ఎవరు పోస్తారండీ? ఆపేసి, రియాక్టరు, బాయిలరు అమ్ముకుంటే 5 కోట్లు వస్తాయనుకోండి. అప్పుడు మంచి దారిలో 100, చెడ్డ దారిలో 5. సగటు 43. వెనక్కి తెచ్చి 20 తీసేస్తే ప్లస్ 18 కోట్లు! ఫైనాన్స్ ప్రొఫెసర్ స్టీవార్ట్ మైయర్స్ 1977లో 'రియల్ ఆప్షన్' అని పేరు పెట్టింది ఇలాంటి అవకాశాలకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దిగుబడి మార్కెట్‌తో పాటు ఊగేది కాదు కాబట్టి 40-60 అలాగే వాడాను. అనిశ్చితి ఇథనాల్ ధరదైతే అది కుదరదు. అప్పుడు రిస్క్-న్యూట్రల్ సంభావ్యత, అంటే మార్కెట్ రిస్కును లెక్కలోకి తీసుకుని సరిదిద్దిన సంభావ్యత తీసుకుని, రిస్కు లేని వడ్డీతో వెనక్కి తేవాలి. రిస్కు లేని వడ్డీ 7 శాతం అనుకుంటే 40 కాస్తా 35 అవుతుంది, 18 కాస్తా 16 అవుతుంది. ఇక్కడ తేడా చిన్నదే.

నాకు టెన్షన్ పెట్టేది వేరే. చెడ్డ ఫలితం వచ్చాక నిజంగా ఆపుతామా? "గడ్డిలో మట్టి ఎక్కువొచ్చింది, ఫీడరు స్క్రూ పట్టేసింది, ఇంకో సీజన్ చూద్దాం" అంటారు. ఒక్కోసారి అది నిజమే కూడా, వరిగడ్డిలోని సిలికా ఇనుమును అరగదీస్తుంది. అయినా ఆపలేక పెద్ద ప్లాంటు కట్టేస్తే చెడ్డ దారిలో నష్టం 80 కోట్లు. చెడ్డ ఫలితం వచ్చినప్పుడు మనం ఆపే అవకాశం సుమారు 60 శాతం కన్నా తగ్గితే, ఇందాకటి 18 మొత్తం ఆవిరైపోతుంది.

అందుకే గీత ముందే గీయాలి. దిగుబడికీ ప్లాంటు విలువకూ మధ్య సంబంధం సరళరేఖ అనుకుంటే, 200 కోట్ల ఖర్చూ వదులుకునే 5 కోట్లూ తిరిగి రావాలంటే టన్నుకు సుమారు 213 లీటర్లు కావాలి. పైలట్ మొదలుకాక ముందే ఆ అంకెనూ, దాన్ని ఎన్ని రోజులు వరుసగా నడిపి కొలుస్తారో, ఆ గడ్డిలో ఎంత మట్టి వరకు ఒప్పుకుంటారో కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. దిగుబడి కొలిచేది ప్లాంటు నడిపే బృందం కాకూడదు.

లెక్క బోర్డు మీదే ఉంచుతున్నాను, ఇక మీ ప్రశ్నలు అడగండి.