నిద్రమాత్ర రాయనన్న డాక్టరు గారి జవాబు

హోస్ట్: డాక్టర్ గారూ, రాజోలు దగ్గర్లో ఒక పెద్దావిడ మీకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారన్నారు కదండీ, ఏమడిగారు?

డాక్టర్: ఆవిడకి అరవై నాలుగేళ్లు. పక్కింటావిడ ఇచ్చిన అల్ప్రాజొలామ్ నాలుగైదు రాత్రులు వేసుకున్నారు, హాయిగా నిద్ర పట్టింది. "నెలకి సరిపడా చీటీ రాసి పంపండి, మా అబ్బాయి మందుల షాపులో తెస్తాడు" అన్నారు.

హోస్ట్: ఆయ్, కుదరదన్నారు.

డాక్టర్: కుదరదని మొదటి వాక్యంలోనే చెప్పేశాను. చూద్దాం అంటే ఆశ పెట్టినట్టవుతుంది. అసలు ఆ మందు ఫోన్‌లో చూసి రాయకూడదు, 2020 టెలిమెడిసిన్ నిబంధనలే ఒప్పుకోవు. కానీ రూల్ ఒక్కటే చెబితే ఆవిడ ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. అందుకే ఆవిడ సంగతే రాశాను: "అమ్మా, మీ బాత్రూమ్ పెరట్లో ఉంది. రాత్రి మూడుసార్లు లేస్తానన్నారు. ఈ వయసులో ఆ మందు మత్తు మర్నాడు పొద్దుటి దాకా ఉంటుంది. తడి గచ్చు మీద తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది. పైగా కొన్ని వారాలు రోజూ వేసుకుంటే అది లేనిదే నిద్ర రాదు."

హోస్ట్: మరి నిద్ర మాటేంటండీ?

డాక్టర్: అక్కడే అసలు విషయం ఉంది. రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నాను. ఎనిమిదికే మంచమెక్కుతారు, పదింటికి నిద్ర పడుతుంది, మూడింటికి మెలకువ. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు పడుకుంటారు. కలిపితే ఏడు గంటలు! నిద్ర తక్కువ కాలేదు, చెదిరిపోయింది. ఇంకోటి, బీపీ మాత్రలో నీరు పోయించే మందు కలిసి ఉంది, దాన్ని రాత్రి వేసుకుంటున్నారు. మూడుసార్లు లేవరూ మరి! దాన్ని పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకోమన్నాను. పదిన్నర దాకా మంచం ఎక్కొద్దు, నిద్ర ఎలా ఉన్నా అయిదింటికి లేవాలి, పగటి కునుకు మానాలి, సాయంత్రం టీ వద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి హాల్లో కూర్చోండి, కళ్లు మూతలు పడ్డాకే మంచం దగ్గరికి వెళ్లండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటే మాత్రం నేరుగా రండి, అలాంటివాళ్లకి ఆ మాత్ర ఇంకా ప్రమాదం.

హోస్ట్: ఇది విని నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లు మానేస్తే?

డాక్టర్: వాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు! ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రాసిన డాక్టరు దగ్గరికెళ్లి డోసు మెల్లగా తగ్గించుకోవాలి. ఈవిడ వేసుకున్నది కొద్ది రాత్రులే కాబట్టి ఆపేయమన్నాను.

హోస్ట్: కోప్పడ్డారా?

డాక్టర్: కోప్పడకుండా ఉంటారా? "మాత్ర అడిగితే మంచం ఎక్కొద్దంటారేంటి" అన్నారు. మొదటి వారం మరీ చిరాకుగా ఉందని ఫోన్ చేశారు కూడా. అది మామూలే, ముందే చెప్పాను. రెండు వారాలకి క్యాలెండర్ మీద నిద్ర టైములు రాసుకొచ్చారు. రాత్రి ఒక్కసారే లేస్తున్నారు. మూడింటి మెలకువ ఇంకా పోలేదు, ఆ వేళకి అబ్బాయి అప్పు గుర్తొస్తుందట. దానికి మనసులోని దిగులు చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇచ్చాను, తెలుగులోనే మాట్లాడతారు.