హైపర్-వీ చెక్‌పాయింట్లు: డేటాబేస్ సర్వర్‌కు ఏ రకం?

నమస్కారం. ఈ పరీక్షకు వాడిన సర్వర్‌ను ఒక హోస్టింగ్ సంస్థ ఉచితంగా ఇచ్చిందని ముందే చెబుతున్నాను. హైపర్-వీ ఫీచర్ల పట్టిక మీరు ఇదివరకే చూసి ఉంటారు కనుక, నేరుగా చెక్‌పాయింట్ల సంగతికి, అంటే వర్చువల్ మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచుకొని తరువాత దానికే వెనక్కి వెళ్లే సదుపాయానికి, వస్తాను.

విండోస్ సర్వర్ 2012 ఆర్2 వరకు ఒకే రకం ఉండేది. ఇప్పుడు దానినే స్టాండర్డ్ అంటున్నారు. అది డిస్కుతోపాటు మెమరీని కూడా భద్రపరుస్తుంది. దానివల్ల డేటాబేస్ పాడవుతుందని చాలామంది అంటారు కానీ, రెండూ ఒకే స్థితికి తిరిగి వస్తాయి కనుక లోపలి లెక్క సాధారణంగా సరిపోతుంది. చిక్కు బయటివారితోనే. ఆర్డర్లు తీసుకునే అప్లికేషన్ ఒక మెషీన్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్ మరో వర్చువల్ మెషీన్‌లో ఉన్నాయనుకోండి. ఒక ట్రాన్సాక్షన్ సగంలో ఉండగా చెక్‌పాయింట్ తీసి, గంట తరువాత దానిని అప్లై చేస్తే, డేటాబేస్ ఆ సగంలోనే మేలుకొని, ఎప్పుడో తెగిపోయిన కనెక్షన్ తరఫున లాకులు పట్టుకొని కూర్చుంటుంది.

2016తో వచ్చిన ప్రొడక్షన్ రకం మెమరీ జోలికి పోదు. అది గెస్ట్‌లోని, అంటే వర్చువల్ మెషీన్ లోపల నడిచే విండోస్‌లోని, వీఎస్ఎస్ అనే స్నాప్‌షాట్ సేవను పిలుస్తుంది. ఎస్‌క్యూఎల్ రైటర్ ఆ పిలుపు అందుకొని డేటాబేస్ రాతలను కాసేపు నిలిపివేస్తుంది, డిస్కు స్థితి నమోదు కాగానే మళ్లీ వదులుతుంది. అప్లై చేసిన తరువాత మెషీన్ ఆఫ్‌లో ఉంటుంది. మనం ఆన్ చేస్తే బ్యాకప్ నుంచి లేచినట్లు శుభ్రంగా మొదలవుతుంది.

ఇంతవరకు నాకు నచ్చింది. నాకు చిరాకు తెప్పించేది డిఫాల్ట్ అమరిక. గెస్ట్‌లో బ్యాకప్ ఇంటిగ్రేషన్ సర్వీసు ఆపివేసి ఉండడం వంటి కారణాలతో ప్రొడక్షన్ చెక్‌పాయింట్ కుదరకపోతే, హైపర్-వీ ఆ పనిని విఫలమైనట్లు చూపకుండా స్టాండర్డ్ రకం తీసి ఊరుకుంటుంది. పెరుగు లేదని చెప్పకుండా మజ్జిగ వడ్డించినట్లుంటుంది ఈ వరస! డేటాబేస్ మెషీన్లకు నేను ముందుగా మార్చేది ఇదే:

```
Set-VM -Name DB01 -CheckpointType ProductionOnly
```

ఇక కుదరకపోతే ఎర్రర్ వస్తుంది. అయినా ఒక సందు మిగులుతుంది. గెస్ట్‌లో ఎస్‌క్యూఎల్ రైటర్ సర్వీసు ఆగి ఉంటే, వీఎస్ఎస్ దాని ఊసే లేకుండా పని ముగిస్తుంది, చెక్‌పాయింట్ కూడా విజయవంతంగా వస్తుంది. కానీ డేటాబేస్‌కు కబురే అందలేదు కనుక, అది కరెంటు పోయిన మెషీన్‌లా లాగ్ చదువుకొని కోలుకోవాలి. అందుచేత గెస్ట్‌లో `vssadmin list writers` నడిపి, ఆ జాబితాలో `SqlServerWriter` ఉందో లేదో చూడండి. చెక్‌పాయింట్ తీశాక ఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్ తెరవండి. `I/O is frozen on database` అనే వాక్యం, వెనువెంటనే `I/O was resumed` అనే వాక్యం కనిపిస్తేనే నేను నమ్ముతాను.

లినక్స్ గెస్ట్‌లో ఈ పద్ధతి ఫైల్ సిస్టమ్‌ను మాత్రమే నిలుపుతుంది, పోస్ట్‌గ్రెస్‌కు తానుగా ఏమీ చెప్పదు. కనుక ప్రొడక్షన్ రకానికి నా ఓటు విండోస్ గెస్ట్‌లోని ఎస్‌క్యూఎల్ సర్వర్ వరకే, అదీ డిఫాల్ట్ మార్చిన తరువాతనే.