టోకెన్ నంబరు రెండుసార్లు ఎందుకు వచ్చింది? అనుభవం లేని ఇంజినీరు కవర్ లెటర్

(నల్లగొండలో ఇంజినీరింగ్ ఫైనలియర్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పాలి. వేలమంది రాసే పెద్ద క్యాంపస్ డ్రైవ్‌లలో కవర్ లెటర్‌ను దాదాపు ఎవరూ చదవరు. అక్కడ ఆన్‌లైన్ పరీక్షదే రాజ్యం. లెటర్ పనికొచ్చేది రెండు చోట్ల. ఒకటి, చిన్న, మధ్య స్థాయి సర్వీసెస్ కంపెనీకి మీరు నేరుగా మెయిల్ పెట్టినప్పుడు. రెండు, మీ ఊరి అన్నో, సీనియర్ అక్కో మీ రెజ్యూమెను తమ మేనేజరుకు పంపినప్పుడు. అప్పుడు ఒక మనిషి దాన్ని తెరుస్తారు, అర నిమిషం చూస్తారు. మన మాటలన్నీ ఆ అర నిమిషం గురించే.

చదివే మనిషి మనసులో ఏముంటుంది? సర్వీసెస్ కంపెనీ సొంత వస్తువేదీ అమ్మదు. క్లయింటు పనికి మనుషులను పెట్టి, వాళ్ల గంటలకు బిల్లు వేస్తుంది. ప్రాజెక్టు దొరకని ఉద్యోగి బెంచి మీద కూర్చుంటే జీతం కంపెనీ జేబులోంచే పోతుంది. అందుకే ఫ్రెషర్ విషయంలో వాళ్లకు ఉండే అనుమానం ఒక్కటే: ఈ పిల్లను, ఈ పిల్లగాడిని కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి క్లయింటు ముందు కూర్చోబెట్టవచ్చా? ‘నేను కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను’ అన్న మాట ఆ అనుమానాన్ని తీర్చదు. పక్క మెయిల్‌లోనూ అదే ఉంది.

మనకు ఇంకో చిక్కుంది. ఉత్తరం రాయడం మనం బడిలో లీవ్ లెటర్‌తో నేర్చుకున్నాం. అందుకే ఉద్యోగం ఉత్తరం కూడా ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలై, మధ్యలో వేడుకొని, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’తో ముగుస్తుంది. అది సెలవు అడిగినట్టే ఉంటుంది. ‘డియర్ హైరింగ్ టీమ్’ అని మొదలుపెట్టి, ఏ ఉద్యోగానికి, ఏ బ్రాంచి, ఏ సంవత్సరం పాసవుట్ అన్నది మొదటి వాక్యంలోనే చెప్పేయండి. మొత్తం 200 నుంచి 250 పదాలు, మూడు పేరాలు. అంతకు మించితే అర నిమిషంలో పట్టదు.

అసలు బలమంతా రెండో పేరాలో ఉంటుంది. అనుభవం లేనివాళ్లకు చూపించడానికి ఉన్నది ప్రాజెక్టే. చాలామంది ఇక్కడ ప్రాజెక్టు పేరు, వాడిన టెక్నాలజీల జాబితా రాసి వదిలేస్తారు. పేరు ఎంత పెద్దగా ఉంటే, కొన్న ప్రాజెక్టేమో అన్న అనుమానం అంత పెరుగుతుంది. దాని బదులు, మీ చేతుల్లో చెడిపోయి, మీ చేతుల్లోనే బాగుపడిన ఒక్క పనిని రాయండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలుగురు విద్యార్థులు వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతులకు టోకెన్లు ఇచ్చే వెబ్ అప్లికేషన్ చేశారనుకోండి. యాసంగి కోతలప్పుడు మన జిల్లాలో కేంద్రాల దగ్గర ట్రాక్టర్ల వరుసలు మీరు చూసినవే. టోకెన్ ఇచ్చే కోడు, ఇప్పటిదాకా ఇచ్చిన పెద్ద నంబరును చదివి దానికి ఒకటి కలుపుతుంది. ఒక్కరే నొక్కితే బాగానే నడుస్తుంది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరి అభ్యర్థనా 41నే చదువుతుంది, ఇద్దరికీ 42 వస్తుంది. దీన్ని ఆపడానికి డేటాబేస్‌లోనే కాపలా పెట్టాలి:

```sql
ALTER TABLE tokens
ADD UNIQUE (centre_id, token_date, token_no);
```

ఇప్పుడు రెండో 42ను డేటాబేస్ తిప్పికొడుతుంది. అంతటితో పని పూర్తి కాదు. తిప్పికొట్టినప్పుడు కొత్త నంబరుతో మళ్లీ ప్రయత్నించే కోడు కూడా రాయాలి, లేకపోతే రెండో రైతుకు ఎర్రర్ తప్ప టోకెన్ రాదు.

దీన్ని లెటర్‌లో ఎట్లా పెట్టాలి? మీరు రాసేది ఇంగ్లిష్‌లోనే, కాని ముందు తెలుగులో ఇట్లా అనుకోండి: ‘నలుగురం కలిసి వడ్ల కేంద్రాలకు టోకెన్ అప్లికేషన్ చేశాం. టోకెన్ జారీ భాగం, డేటాబేస్ పట్టికలు నేను చేశాను. ఒకేసారి 50 అభ్యర్థనలు పంపి పరీక్షిస్తే కొన్నింటికి ఒకే నంబరు వచ్చింది. నంబరు మళ్లీ రాకుండా డేటాబేస్‌లో నిబంధన పెట్టి, విఫలమైతే మళ్లీ ప్రయత్నించేలా రాశాను. ఆ తర్వాత 50కి 50 వేర్వేరు నంబర్లు వచ్చాయి.’ ఐదు వాక్యాలు. నలుగురిలో మీ వాటా ఏదో తేలింది, తప్పు ఎట్లా బయటపడిందో తేలింది, సరిచేశాక మళ్లీ పరీక్షించారనీ తేలింది.

ఇది కల్పించి రాస్తే దొరికిపోతారు. ఇంటర్వ్యూలో అడిగే తర్వాతి ప్రశ్న ఇదీ: ‘మళ్లీ ప్రయత్నం పాత ట్రాన్సాక్షన్‌లోనే చేశావా, కొత్తది మొదలుపెట్టావా?’ మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగ్‌లో పాత ట్రాన్సాక్షన్ తాను మొదట చూసిన చిత్రాన్నే మళ్లీ చూస్తుంది. కాబట్టి మళ్లీ 41నే చదివి, మళ్లీ 42 దగ్గరే దెబ్బతింటుంది. చేసినవాళ్లకు ఇది ఒంటికి తగిలి ఉంటుంది. మీ మేజర్ ప్రాజెక్టు కొన్నదైతే దాని ఊసెత్తకండి. రెండు వారాల్లో సొంతంగా చేసిన చిన్న పని అంతకంటే నయం.

మూడో పేరా చిన్నది. క్లయింటు పని బెంగళూరులోనో, పుణెలోనో ఉండొచ్చు, రాత్రి షిఫ్టూ ఉండొచ్చు. వెళ్లడానికి సిద్ధమైతే ఒక వాక్యంలో రాయండి. ‘హైదరాబాద్ అయితేనే బాగుంటుంది’ అని మాత్రం అడగకముందే రాయొద్దు. నిజంగా వెళ్లలేకపోతే ఆ వాక్యం మొత్తం వదిలేయండి, అడిగినప్పుడు చెప్పండి.

మార్కుల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ మంచి పిల్లలు కూడా దెబ్బతింటారు. చాలా ప్రకటనలు టెన్త్, ఇంటర్, బీటెక్‌లలో 60 శాతం అడుగుతాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల్లో శాతం లెక్క ఇదీ:

```
% = (CGPA - 0.5) × 10
```

అంటే 6.4 ఉంటే 59 శాతం. పదితో గుణించి 64 అని రాసినవాళ్లు అన్నీ గెలిచి, చివర సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతారు. మీది అటానమస్ కాలేజీ అయితే మీ నిబంధనల్లో ఏ సూత్రం ఉందో చూసుకోండి. సీజీపీఏ ఎంతో అంతే రాసి, పక్కన ఆ సూత్రంతో వచ్చిన శాతం పెట్టడం క్షేమం. బ్యాక్‌లాగ్‌లు ఉండి క్లియర్ అయితే ‘ప్రస్తుతం బ్యాక్‌లాగ్‌లు లేవు’ అంటే చాలు, పాత కథ అక్కర్లేదు. దొంగ అనుభవ పత్రం జోలికి మాత్రం పోవద్దు. పీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తే ఎక్కడ పనిచేశారో, లేదో తెలిసిపోతుంది.

పంపేటప్పుడు లెటర్‌ను మెయిల్‌లోనే రాసి, రెజ్యూమెను పీడీఎఫ్‌గా జతచేయండి. ఫైలు పేరు `resume_final_new2.pdf` అని ఉంటే వాళ్ల ఫోల్డరులో మీరెవరో తెలియదు. మీ పేరు, బ్రాంచి, సంవత్సరం ఉండాలి. పాత మెయిల్‌ను కాపీ చేస్తే వెనకటి కంపెనీ పేరు ఎక్కడో ఒక చోట మిగిలిపోతుంది, ఎక్కువగా చివరి పేరాలో. ఆ ఒక్కటి కనిపిస్తే మిగతాది చదవరు.

ఇప్పుడు తలా ఒక తెల్ల కాగితం తీయండి. మీ ప్రాజెక్టులో చెడిపోయిన ఒక్క పనిని ఐదు వాక్యాల్లో రాయండి. పావుగంట టైము, తర్వాత ఒక్కొక్కటీ చదువుదాం.