ఐ ఒక శబ్దమా, రెండా?

మిత్రులారా, నమస్కారం. 'పై' అనే మాటను మెల్లగా పలికి చూడండి. నోరు 'అ'తో తెరుచుకుంటుంది, నాలుక 'ఇ' వైపు జారుతుంది. ఇదంతా కలిసి ఒక్క ద్విస్వరమా, లేక 'అ' అనే అచ్చు, దాని వెనక 'య్' అనే అర్ధస్వరమా?

చెవితో ఇది తేలదు. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్ తీసి చూసినా, అందులో ఫార్మెంట్లు అనే ధ్వని పట్టీల్లో మొదటిది దిగుతూ, రెండోది ఎక్కుతూ ఒకే వంపుగా కనిపిస్తాయి. అ ముగిసి య్ మొదలైన చోట గీత గీయలేం. ఛందస్సును అడిగినా లాభం లేదు. ఐ గురువు, పొల్లుతో ముగిసే 'అయ్' కూడా గురువే. అందుకని ఈ శబ్దం భాషలో ఎవరితో కలిసి నడుస్తోందో చూడాలి.

తెలుగుకు మాట చివర హల్లు ఉండటం అంతగా నచ్చదు. బయటి నుంచి వచ్చిన మాటకు కూడా ఒక అచ్చు తగిలిస్తుంది. ముందు హ్రస్వం ఉంటే హల్లును ద్విత్వం చేస్తుంది: బస్ 'బస్సు' అయింది, పెన్ 'పెన్ను' అయింది. దీర్ఘం ఉంటే ద్విత్వం రాదు: కేక్ 'కేకు' అయింది. ఇప్పుడు మన సొంత మాటలు చూడండి. మాట్లాడేటప్పుడు 'చెయ్', 'గొయ్', 'రాయ్' అంటాం, నిదానంగా పలికితే 'చెయ్యి', 'గొయ్యి', 'రాయి'. హ్రస్వం తర్వాత ద్విత్వం, దీర్ఘం తర్వాత లేదు, అదే సూత్రం. తగిలే అచ్చు మాత్రం య కారం వల్ల 'ఇ' అయింది. ముందున్న అచ్చు ఎ అయినా, ఒ అయినా, ఆ అయినా ఇదే తీరు. ఇక్కడ య్ నిక్కమైన హల్లు, కాబట్టి శబ్దాలు రెండు.

ఇదే పరీక్షకు ఇంగ్లీషు నుంచి వచ్చిన 'టై'ని నిలబెడితే జవాబు మారుతుంది. అది హల్లుతో ముగిసిందని భాష అనుకుంటే 'టయ్యి' కావాలి. కాలేదు, 'టై'గానే ఉండిపోయింది. 'ఫ్రై' కూడా అంతే. వీటిని తెలుగు అచ్చుతో ముగిసిన మాటలుగానే లెక్కించింది.

సంస్కృతం నుంచి వచ్చిన 'సైంధవం' కూడా ఇటే మొగ్గుతుంది. ఐని 'అయ్' అని విడదీస్తే ధ ముందు య్, న్ అని రెండు హల్లులు వరసగా నిలవాలి. య్ బదులు ర్ పెట్టి 'సర్ంధ' అని చూడండి, అలాంటి తెలుగు మాట ఉండదు. 'ఆంధ్ర', 'కాంతి'లలో లాగా దీర్ఘాచ్చు తర్వాత సున్న రావడం మాత్రం మామూలే. అంటే సైంధవంలోని ఐ దీర్ఘాచ్చు స్థానంలో కూర్చుంది. 'సౌందర్యం'లోని ఔ పరిస్థితీ అదే.

'గై'కి 'అక' చేరితే 'గాయక' అవుతుంది కదా, అక్కడ ఐ విడిపోయింది కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ ఆ సంధి జరిగింది సంస్కృతంలో. తెలుగుకు 'గాయకుడు' తయారైన మాటగా వచ్చింది. దాన్ని సాక్ష్యంగా తెస్తే మనం తేల్చేది సంస్కృతం సంగతే, తెలుగు సంగతి కాదు.